ఒకటికి మూడా, ఒకటికి రెండా? పెద్ద గిన్నె సలాడ్‌కు వినెగ్రెట్ లెక్క

ఇరవై మందికి సలాడ్ చేయాల్సి వచ్చినప్పుడు నేను మొదటిసారి అనుసరించిన పద్ధతి చాలామంది అనుసరించేదే. నలుగురికి సరిపోయే కొలతలను ఐదుతో హెచ్చించాను. నూనె, వెనిగర్, ఉప్పు అన్నీ చెంచాలతో లెక్కపెట్టి పెద్ద సీసాలో పోసి, బాగా కుదిపి, బల్ల మీద పెట్టాను. పావుగంట తరువాత ఆకులను మూడు విడతలుగా కలిపాను. మొదటి విడత తిన్నవారు జిడ్డుగా ఉందన్నారు, చివరి విడత తిన్నవారికి పులుపుతో పళ్లు జివ్వుమన్నాయి. సీసాలో ఉన్నది ఒకటే డ్రెస్సింగ్, కొలతల్లో తప్పు లేదు. అయినా మూడు గిన్నెల్లో మూడు రుచులు వచ్చాయి. ఎందుకలా జరిగిందో వెతుక్కుంటూ వెళ్తే, దానికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఎదురైంది. అసలు నూనెకు, వెనిగర్‌కు మధ్య అందరూ చెప్పే ఆ 3:1 అనే నిష్పత్తి ఎక్కడిది?

వినెగ్రెట్ అంటే నూనె, పులుపు, ఉప్పు కలిపి గిలకొట్టిన పలుచని డ్రెస్సింగ్. ఆ పేరు ఫ్రెంచి భాషలో వెనిగర్‌కు వాడే మాట నుంచి వచ్చింది, ఆ మాటకు అర్థం పులిసిన వైన్. మూడు వంతుల నూనెకు ఒక వంతు వెనిగర్ అన్న కొలత వైన్ వెనిగర్‌తో వండేవారి చేతుల్లో స్థిరపడింది. వైన్ వెనిగర్‌లో ఆమ్లం సాధారణంగా 6 శాతం నుంచి 7 శాతం దాకా ఉంటుంది. బియ్యం వెనిగర్‌లో 4 శాతం చుట్టూ ఉంటుంది. యాపిల్ వెనిగర్‌లో, తెల్ల వెనిగర్‌లో ఎక్కువగా 5 శాతం కనిపిస్తుంది. ఆ అంకె సీసా చీటీ మీదే అచ్చువేసి ఉంటుంది. మనం చూడకుండా వదిలేసేది కూడా దాన్నే. 4 శాతం వెనిగర్‌ను, 7 శాతం వెనిగర్‌ను ఒకే చెంచాతో కొలిచి రెండింటికీ మూడు చెంచాల నూనె పోస్తే, మొదటిది నూనెలో మునిగిపోయి చప్పగా ఉంటుంది, రెండోది నాలుకను పట్టేస్తుంది.

కాబట్టి నిష్పత్తిని నియమంగా కాక, దాని వెనుక ఉన్న పులుపు పరిమాణాన్ని చూడాలి. 6 శాతం వెనిగర్ ఒక వంతు, నూనె మూడు వంతులు కలిపితే మొత్తం నాలుగు వంతులు. ఆమ్లం నాలుగో వంతుకు పలుచబడి 1.5 శాతం అవుతుంది. లేత ఆకుల సలాడ్‌కు హాయిగా ఉండే పులుపు ఇదేనని నా అనుభవం. దీన్ని గురిగా పెట్టుకుంటే ఏ సీసా చేతిలో ఉన్నా నిష్పత్తి దానంతట అదే తేలుతుంది. చీటీ మీది శాతాన్ని 1.5తో భాగించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేయండి. ఒక వంతు వెనిగర్‌కు పోయవలసిన నూనె వంతులు అన్ని. 6 శాతానికి సరిగ్గా మూడు వస్తుంది. 5 శాతానికి రెండుంబావు కంటే కాస్త ఎక్కువ. 4 శాతానికి ఒకటి ముప్పావుకు కాస్త తక్కువ. 7 శాతానికి మూడున్నర దాటుతుంది. వంటల పుస్తకాల్లో ఒకరు మూడు వంతులంటే మరొకరు రెండంటారు, ఇంకొకరు నాలుగంటారు. వాళ్ల మధ్య నిజంగా ఉన్న తేడాలో చాలా భాగం వాళ్లు వాడిన సీసాదే.

నిమ్మరసం దగ్గరికి వస్తే ఈ లెక్కకు చిన్న సవరణ కావాలి. నిమ్మరసంలో ఆమ్లం 5 నుంచి 6 శాతం దాకా ఉంటుంది, అంటే బలంలో వెనిగర్‌కు తీసిపోదు. అయినా నిమ్మరసం డ్రెస్సింగ్ మెత్తగా అనిపిస్తుంది. కారణం ముక్కు. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం ఆవిరవుతుంది. గిన్నె మీదికి వంగితే నాలుక కంటే ముందు ముక్కుకు తగిలేది అదే, ఒక్కోసారి దగ్గు కూడా తెప్పిస్తుంది. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం ఆవిరి కాదు, దాని పులుపంతా నాలుక మీదే ఉంటుంది. అందుకే నిమ్మరసానికి ఒకటికి రెండు వంతుల నూనె పోసినా ఇబ్బంది ఉండదు, వెనిగర్‌తో అదే కొలత చాలామందికి ఘాటుగా అనిపిస్తుంది. అయితే నిమ్మకాయకు చీటీ ఉండదు. ఒక కాయ రెండు చెంచాల రసం ఇస్తే ఇంకొకటి మూడు ఇస్తుంది, పులుపూ కాయకాయకూ మారుతుంది. అందువల్ల ఎక్కువ మందికి చేసేటప్పుడు కాయలను లెక్కపెట్టకూడదు. అన్నీ ఒకే పాత్రలో పిండి, కలిపి, అప్పుడు కొలవాలి. పిండిన రసం గంటల కొద్దీ నిలవ ఉంటే పులుపు తగ్గదు గానీ సువాసన పోతుంది కాబట్టి ఆ పని చివరికి పెట్టుకోవాలి. తొక్క మీది పసుపు పొరను తురిమి నూనెలో వేస్తే పోయిన సువాసన కొంత తిరిగి వస్తుంది. నిమ్మ వాసనకు మూలమైన తైలం నీటిలో కంటే నూనెలో బాగా కరుగుతుంది.

ఉప్పు సంగతి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఒక గ్లాసులో కొంచెం నూనె, మరో గ్లాసులో కొంచెం వెనిగర్ తీసుకుని రెండింట్లోనూ చిటికెడు ఉప్పు వేసి తిప్పి చూడండి. వెనిగర్‌లో అది అర నిమిషంలో కనిపించకుండా పోతుంది. నూనెలో ఎంతసేపు తిప్పినా అడుగున ఇసుకలా మెరుస్తూ ఉంటుంది. ఉప్పు నూనెలో కరగదు. అన్నీ ఒకేసారి సీసాలో పోసి కుదిపినప్పుడు కొన్ని ఉప్పు గింజలు నూనె పూత పట్టి కరగకుండా మిగిలిపోతాయి. ఒక ఆకు చప్పగా, పక్క ఆకు ఉప్పగా ఉండటానికి అదొక కారణం. ముందు పులుపులో ఉప్పు వేసి పూర్తిగా కరిగించి, ఆ తరువాతే నూనె పోయాలి. వరుస మార్చితే చాలు, కొలత మార్చకుండానే రుచి కుదురుకుంటుంది.

ఇక పెద్ద గిన్నె. ఇక్కడ మనుషులను లెక్కపెట్టడం కంటే ఆకులను తూకం వేయడం నయం. డ్రెస్సింగ్ చేసే పని ఆకు మీద పలుచని పూతగా నిలబడటం. ఎంత ఆకు ఉంటే అంత పూత కావాలి, ఎంతమంది తింటారన్నది ఆ తరువాతి మాట. లేత ఆకులు మనిషికి 60 గ్రాములు, ఆ ఆకులకు ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్ల డ్రెస్సింగ్ అనుకుంటే, ఆకుల బరువు గ్రాముల్లో ఎంతో దానిలో నాలుగో వంతు మిల్లీలీటర్ల డ్రెస్సింగ్ అవుతుంది. ఇది పై హద్దు. పెద్ద గిన్నెలో దీనికంటే తక్కువే పడుతుంది. ఒక్కరికి కలిపినప్పుడు ఆ చెంచాడు డ్రెస్సింగ్‌లో గిన్నె గోడలకు అంటుకుపోయేది చెప్పుకోదగ్గంత ఉంటుంది. ఇరవై మందికి కలిపినప్పుడు ఆకులు ఇరవై రెట్లు పెరుగుతాయి గానీ గిన్నె గోడల వైశాల్యం అన్ని రెట్లు పెరగదు. అందువల్ల వృథా అయ్యే వాటా తగ్గుతుంది. అందుకే పూర్తి కొలత తయారు చేసుకుని, మొదట అందులో ఐదింట నాలుగు వంతులే పోయమంటాను.

ఇరవై మంది లెక్కను ఇప్పుడు చివరిదాకా వేసి చూద్దాం. ఆకులు 1.2 కిలోలు. డ్రెస్సింగ్ 300 మిల్లీలీటర్లు. 1.5 శాతం గురి ప్రకారం ఇందులో ఉండవలసిన ఆమ్లం నాలుగున్నర గ్రాములు. పులుపు ఏదైనా ఈ నాలుగున్నర గ్రాములు మారవు, దాన్ని మోసుకొచ్చే ద్రవం ఎంత అన్నదే మారుతుంది. 6 శాతం వైన్ వెనిగర్ అయితే 75 మిల్లీలీటర్లు చాలు, నూనె 225. 5 శాతం ఉన్న నిమ్మరసం లేదా యాపిల్ వెనిగర్ అయితే 90, నూనె 210. 4 శాతం బియ్యం వెనిగర్ అయితే 112 కావాలి, నూనె 188కి తగ్గుతుంది. నేను వైన్ వెనిగర్ తీసుకున్నాననుకుందాం. దానికి 7 గ్రాముల ఉప్పు, 20 గ్రాముల డిజాన్ ఆవముద్ద. ఆవముద్దలోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి 7 గ్రాములకు మించి వేయను, తక్కువైతే చివర్లో గిన్నెలో చల్లుతాను.

ఇంత పరిమాణాన్ని చెంచాలతో కొలిస్తే పదిహేను చెంచాల నూనెలో ప్రతి చెంచాకూ కొంత తప్పు చేరుతుంది, మధ్యలో లెక్క తప్పే ప్రమాదమూ ఉంది. గీతలున్న కొలత పాత్ర గానీ త్రాసు గానీ వాడాలి. త్రాసు వాడేవారికి ఒక హెచ్చరిక. 3:1 అనేది పరిమాణంలో నిష్పత్తి, బరువులో కాదు. నూనె నీటి కంటే తేలిక, మిల్లీలీటరుకు దాదాపు 0.92 గ్రాములే తూగుతుంది. వెనిగర్ దాదాపు నీటి బరువే. 225 మిల్లీలీటర్ల నూనె త్రాసు మీద 207 గ్రాములు చూపించాలి. అంకెను గ్రాములనుకుని 225 దాకా పోస్తే దాదాపు 20 మిల్లీలీటర్లు ఎక్కువ పోసినట్టే. ఇంట్లో నలుగురికి చేసినప్పుడు ఇది తెలియదు. పెద్ద గిన్నెలో అది ఒక పెద్ద చెంచాకు మించిన నూనె.

కలిపే తీరు కూడా పరిమాణంతో మారుతుంది. నూనె, వెనిగర్ వాటంతట అవి కలవవు. గిలకొట్టినప్పుడు ఒకటి చిన్న చిన్న బొట్లుగా విడిపోయి రెండోదానిలో తేలుతూ ఉంటుంది, దీన్నే ఎమల్షన్ అంటారు. ఆవముద్దలోని మెత్తని పొడి, జిగురు ఆ బొట్ల చుట్టూ చేరి, అవి మళ్లీ ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా కొంతసేపు ఆపుతాయి. నలుగురికి సరిపడే డ్రెస్సింగ్‌ను మూతపెట్టిన సీసాలో కుదిపితే సరిపోతుంది. 300 మిల్లీలీటర్లకు వెడల్పాటి గిన్నెలో వెనిగర్, ఉప్పు, ఆవముద్ద ముందు గిలకొట్టి, నూనెలో మొదటి మూడో వంతును సన్నని ధారగా పోస్తూ ఆపకుండా గిలకొట్టాలి. ద్రవం చిక్కబడి, రంగు పాలలాగా మారితే బొట్లు చిన్నగా విడిపోయాయని గుర్తు. అప్పుడు మిగతా నూనెను కొంచెం వేగంగా పోయవచ్చు. మొదట్లోనే అంతా కుమ్మరిస్తే పైన నూనె తెట్టు మెరుస్తూ నిలిచిపోతుంది. అలా జరిగితే పారబోయనక్కరలేదు. వేరే గిన్నెలో ఒక చెంచా ఆవముద్ద వేసి, విరిగినదాన్ని సన్నగా దానిలోకి పోస్తూ మళ్లీ గిలకొడితే కుదురుకుంటుంది. మిక్సీ వాడేవారు ఒకటి గమనించాలి. ఘాటైన ఆలివ్ నూనెను వేగంగా తిరిగే బ్లేడు కింద పెడితే చేదు తేలవచ్చు. ఆ నూనెను చేత్తోనే కలపడం మేలు.

ఎంత బాగా గిలకొట్టినా ఆవముద్ద పట్టు శాశ్వతం కాదు. నేను మొదట చెప్పిన అనుభవంలో ఆవముద్ద అసలు లేదు. బల్ల మీద పావుగంట ఉన్న సీసాలో నూనె పైకి, వెనిగర్ అడుగుకు చేరిపోయాయి. మొదటి విడత ఆకుల మీద పడింది దాదాపు నూనే. చివరి విడతకు మిగిలింది వెనిగర్, అందులో కరిగిన ఉప్పంతా. విడతలుగా కలిపేవారు ప్రతిసారీ పోసే ముందు సీసాను మళ్లీ కుదపాలి. ఇంతకంటే ముఖ్యమైన జాగ్రత్త పెద్ద సలాడ్‌లో మరొకటి నాకు కనిపించలేదు.

విడతలు తప్పవు కూడా. 1.2 కిలోల లేత ఆకులు వదులుగా పోస్తే 15 లీటర్లకు పైగా చోటు పట్టవచ్చు. కలపడానికి అంతకు రెట్టింపు చోటుండాలి, లేకపోతే కింది ఆకులు నలిగి పైవి పొడిగానే ఉంటాయి. 400 గ్రాముల చొప్పున మూడు విడతలు చేసుకుని, విడతకు 80 మిల్లీలీటర్లు పోయాలి. ఆకుల నడినెత్తిన కాకుండా గిన్నె అంచు చుట్టూ పోసి, చేతులతో అడుగు నుంచి పైకి ఎత్తుతూ కలపాలి. చేతులకు తెలిసినంత బాగా పట్టకర్రకు తెలియదు. ఎక్కడ పొడిగా ఉందో, ఎక్కడ తడి ఎక్కువైందో వేళ్లకు వెంటనే అందుతుంది. మూడు విడతలకు 240 పోతుంది, 60 చేతిలో మిగులుతుంది.

ఇంత లెక్క వేసినా దాన్ని చడీచప్పుడు లేకుండా చెడగొట్టేది ఒకటుంది, ఆకుల మీది నీరు. కడగక ముందు ఆకులను తూచి, కడిగి ఆరబెట్టిన తరువాత మళ్లీ తూచి చూడండి. 1.2 కిలోలు 1.3 అయ్యాయంటే ఆకులను పట్టుకుని 100 మిల్లీలీటర్ల నీరు ఉన్నట్టు. మన వెనిగర్ మొత్తం 75. వెనిగర్ నీటిలో కలిసిపోతుంది కాబట్టి దాని పులుపు, అందులోని ఉప్పు సగానికి పైగా పలుచబడతాయి. నూనె మాత్రం తడి ఆకుకు అంటుకోకుండా జారి అడుగుకు చేరుతుంది. తినేవారు "జిడ్డుగా, చప్పగా ఉంది" అంటారు, మనం నిష్పత్తిని తిట్టుకుంటాం. నీళ్లు పిండే సలాడ్ బుట్ట ఉంటే దాన్ని సగానికి మించి నింపకుండా రెండుసార్లు తిప్పాలి. లేకపోతే శుభ్రమైన గుడ్డ మీద పలుచగా పరిచి గంటసేపు వదిలేయాలి. రెండో తూకానికి, మొదటి తూకానికి తేడా 30 గ్రాముల లోపుకు వస్తే నేను తృప్తిపడతాను. దోసకాయ, టమాటా ముక్కలు కూడా ఉప్పు తగలగానే నీరు వదులుతాయి. వాటిని ఆకులతో పాటు వేయకుండా వడ్డించే ముందు పైన వేస్తాను.

రుచి చూసే పద్ధతి గురించి కూడా చెప్పాలి. డ్రెస్సింగ్‌ను చెంచాతో నోట్లో పోసుకుంటే ఎప్పుడూ పులుపు ఎక్కువగానే అనిపిస్తుంది, ఉప్పు కూడా అంతే. ఆకు మీద పలుచని పూతగా వెళ్లవలసిన దాన్ని చెంచాడు తాగి తీర్పు చెప్పకూడదు. ఒక ఆకును అందులో ముంచి, విదిలించి, నమిలి చూడాలి. అప్పుడు కూడా పులుపు కోస్తుంటే ఒకటి రెండు చెంచాల నూనె, దానితో పాటు చిటికెడు ఉప్పు వేయాలి, ఎందుకంటే నూనె పెరిగినకొద్దీ ఉప్పు కూడా పలుచబడుతుంది. కొంచెం తేనె పులుపును మెత్తబరుస్తుంది గానీ ఆమ్లాన్ని తగ్గించదు, ఎక్కువైతే డ్రెస్సింగ్ తియ్యబడిపోతుంది. జిడ్డుగా ఉంటే వెనిగర్ ఒక్కటే పోయకుండా చిటికెడు ఉప్పును ఆ వెనిగర్‌లోనే కరిగించి పోయాలి. వెల్లుల్లి వేసేవారు దాన్ని మాత్రం ఐదు రెట్లు చేయకండి. పెద్ద మొత్తం సాధారణంగా గంటల ముందే తయారవుతుంది, ఆ గంటలన్నీ తరిగిన వెల్లుల్లి ఘాటు నూనెలోకి దిగుతూనే ఉంటుంది. నలుగురికి ఒక రెబ్బ వేసేవారు ఇరవై మందికి మూడుతో మొదలుపెట్టవచ్చు.

ఈ లెక్కంతా లేత ఆకులకు. సన్నగా తరిగిన క్యాబేజీ లాంటి గట్టి ఆకులకు పులుపు ఇంకా పెంచవచ్చు, వాటికి ఒకటికి రెండు వంతులు కూడా సరిపోతాయి. ఉడికిన బంగాళాదుంప, చిక్కుడు గింజలు పూతను పైన నిలబెట్టుకోవు, లోపలికి పీల్చుకుంటాయి. వాటికి డ్రెస్సింగ్ మొత్తమే పెరగాలి. లేత ఆకులను మాత్రం బల్ల మీదికి వెళ్లే ముందే కలపాలి. వాటిని వాడ్చేది వెనిగర్ అని చాలామంది అనుకుంటారు గానీ ఎక్కువ పని నూనెదే. ఆకు మీది సహజమైన మైనపు పొర నీటిని ఆపుతుంది, నూనెను ఆపలేదు. నూనె లోపలికి చొరబడి, ఉప్పు నీటిని బయటకు లాగి, పావుగంటలో ఆకు కుంగిపోతుంది. ఆలస్యంగా వచ్చేవారు ఉంటారనుకుంటే మూడో విడతను కలపకుండా పొడిగానే ఉంచండి.

వడ్డన అయ్యాక గిన్నె అడుగు చూడండి. ఒకటి రెండు చెంచాలు మెరుస్తూ ఉంటే లెక్క కుదిరినట్టే. మడుగు కట్టి ఉంటే డ్రెస్సింగ్ ఎక్కువైంది లేదా ఆకు తడిగా ఉంది. దాన్ని వేలితో రుచి చూస్తే ఏదో తెలిసిపోతుంది, నీళ్లలా చప్పగా ఉంటే తడి ఆకు, పుల్లగా ఉప్పగా ఉంటే మరీ ఎక్కువ పోసిన డ్రెస్సింగ్. మిగిలిన 60 మిల్లీలీటర్లను మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. మరునాటికి ఆలివ్ నూనె గడ్డకట్టి తెల్లటి ముద్దలు కనిపిస్తే అది చెడిపోవడం కాదు. అరగంట బయట పెట్టి, ముద్దలు కరిగాక మళ్లీ కుదిపి, ఆకు ముంచి రుచి చూసి వాడుకోవచ్చు.